వలస పాలనలో చదువు, భాష, ఉద్యోగం: ఎనిమిదో తరగతి అసైన్‌మెంట్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు ఈ టాపిక్ ఇచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. కొన్ని పిల్లలు అడిగేవి, కొన్ని రాత్రిపూట వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేవి. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు వీలైనంత వరకు మన ప్రాంతం నుంచే తీసుకున్నాను. ఈ మార్పును చూపించడానికి మనకంటే మంచి చోటు దొరకడం కష్టం.

## మొదలుపెట్టే ముందు

టాపిక్ చాలా పెద్దదిగా ఉంది. అసలు ఏం రాయమంటున్నారు?

ఒక్క ప్రశ్నకు జవాబు రాయమంటున్నారు: బ్రిటిష్ వాళ్లు చదువు విషయంలో తీసుకున్న నిర్ణయాల వల్ల ఎవరికి ఏ భాషతో ఏ ఉద్యోగం దొరికింది? గవర్నర్ జనరల్స్ పేర్లన్నీ వరసగా రాస్తే అది పాలకుల చరిత్ర అవుతుంది, చదువు చరిత్ర అవదు. 1835, 1844, 1854, 1857 అనే నాలుగు సంవత్సరాలు, ఒక మనిషి జీవితం, మీ ఊళ్లో దొరికే ఒక పాత కాగితం చాలు.

మన జిల్లా గురించి రాయమన్నారు. బ్రిటిష్ కాలంలో శ్రీకాకుళం జిల్లా ఉందా?

లేదు. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు వెళ్లింది, తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. కాబట్టి ‘1857లో విజయనగరం జిల్లాలో’ అని రాస్తే తప్పు. ‘అప్పటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగరంలో’ అని రాయండి.

నెట్‌లో విజయనగరం అని కొడితే హంపి, కృష్ణదేవరాయలు వస్తున్నాయి. అదే కదా?

కాదు. అది కర్ణాటకలోని విజయనగర సామ్రాజ్యం. మనది పూసపాటి రాజుల విజయనగరం సంస్థానం. నిజానికి అది ఒక పెద్ద జమీందారీ. ఏడాదికోసారైనా ఎవరో ఒకరి అసైన్‌మెంట్‌లో హంపి రథం బొమ్మ కనిపిస్తుంది.

## ఇంగ్లీషు చదువు రాకముందు

బ్రిటిష్ వాళ్లు రాకముందు మనకు బడులే లేవని మా బాబాయ్ అన్నారు. నిజమేనా?

నిజం కాదు. మద్రాసు గవర్నర్‌గా ఉన్న థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. 1826 నాటికి వచ్చిన మొత్తం ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు ఉన్నారు. అంటే సుమారు వెయ్యి మంది జనానికి ఒక బడి. మన వైపు చూస్తే విశాఖపట్నం జిల్లాలో 914, గంజాం జిల్లాలో 255 బడులు నమోదయ్యాయి.

ఇవి వీధి బడులు. పంతులుగారి అరుగు మీదో, చెట్టు కిందో, గుడి మండపంలోనో నడిచేవి. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించేవారు. తర్వాత గుణింతాలు, ఎక్కాలు, శతక పద్యాలు, తాటాకు మీద గంటంతో రాత. పంతులుగారికి సర్కారు జీతం ఉండేది కాదు. ఊళ్లోవాళ్లు ఇచ్చే ధాన్యం, కొద్దిపాటి డబ్బు, దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగితే వచ్చే కట్నం, ఇదే ఆయన బతుకుతెరువు.

అలాగని ‘అప్పట్లో అందరూ చదువుకున్నారు’ అని కూడా రాయకండి. ఆ లెక్కల్లోనే ఆడపిల్లలు చాలా కొద్దిమంది. తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ, వైశ్య పిల్లల వాటా ఎక్కువ. అంటరానివాళ్లని దూరం పెట్టిన కులాల పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలే లేదు.

ఇంగ్లీషు రాకముందు ఆఫీసుల్లో అంతా తెలుగే నడిచిందా?

కాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారు అనే పాలనా ప్రాంతానికి కేంద్రం. గోల్కొండ, తర్వాత నిజాం తరఫున ఫౌజుదారులు అక్కడి నుంచి పాలించారు. పై స్థాయి ఉత్తర్వులు పారశీకంలో ఉండేవి. ఊళ్లో కరణం రాసే లెక్క మాత్రం తెలుగులో ఉండేది. ఇలాంటి సర్కారులు కలిసిన ఉత్తర సర్కారుల మీద నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి హక్కు వచ్చింది 1766లో. అంటే పాలకుల భాష ఒకటి, రైతు భాష ఒకటి అనే పద్ధతి ఇంగ్లీషు వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. పారశీకాన్ని కోర్టుల నుంచి, రెవెన్యూ పనుల నుంచి తప్పించడానికి దారి తీసిన చట్టం 1837లో వచ్చింది. ఆ తర్వాత పై మెట్టు మీద ఇంగ్లీషు కూర్చుంది.

మరి కొత్తగా ఏం జరిగింది? ఉద్యోగంలోకి వెళ్లే దారి మారింది. పూర్వం తండ్రి పక్కన కూర్చుని లెక్కలు రాయడం నేర్చుకున్నవాడు తండ్రి పని అందుకునేవాడు. ఇప్పుడు దూరంగా ఎక్కడో కూర్చుని ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు పెట్టే పరీక్ష పాసవాలి. మీ అసైన్‌మెంట్‌లో అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన పాయింట్ ఇదే అని నా నమ్మకం.

## విధానాలు, సంవత్సరాలు

మెకాలే తెలుగును నిషేధించాడని రాయొచ్చా?

రాయకూడదు. మెకాలే అప్పటి గవర్నర్ జనరల్ సభలో సభ్యుడు. 1835 ఫిబ్రవరి 2న ఆయన సమర్పించిన నివేదికలో వాదన వేరు. 1813 చార్టర్ చట్టం భారతీయుల చదువుకు ఏటా లక్ష రూపాయలు కేటాయించమంది. ఆ డబ్బును సంస్కృతం, అరబిక్ చదువులకు ఖర్చు పెట్టాలా, ఇంగ్లీషు చదువుకు పెట్టాలా అన్నదే అప్పటి గొడవ. మెకాలే ఇంగ్లీషు వైపు నిలబడ్డాడు. మన సాహిత్యాల గురించి చాలా చులకనగా మాట్లాడాడు కూడా. అందరికీ చదువు చెప్పే స్తోమత లేదు కాబట్టి, పాలకులకూ ప్రజలకూ మధ్య దుబాసీల్లా పనిచేసే ఒక చిన్న వర్గాన్ని తయారుచేస్తే చాలన్నాడు. స్థానిక భాషలను బాగుచేసే పని ఆ వర్గమే చూసుకుంటుందన్నాడు. మార్చి 7న గవర్నర్ జనరల్ బెంటింక్ దీన్ని ఆమోదించాడు.

వీధి బడులను ఎవరూ చట్టం పెట్టి మూయించలేదు. కానీ డబ్బూ ఉద్యోగమూ ఇంగ్లీషు వైపు వెళ్లేసరికి కలిగినవాళ్లు పిల్లల్ని అటే పంపారు. నిషేధం లేకుండానే ఒక భాష వెనక్కి వెళ్లడం ఇలాగే జరుగుతుంది.

‘భారతదేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనిపించలేదు’ అని మెకాలే పార్లమెంటులో అన్నాడని వాట్సాప్‌లో వచ్చింది. పెట్టమంటారా?

వద్దు. దాని కింద 1835 ఫిబ్రవరి 2 అని, లండన్ పార్లమెంటు అని ఉంటుంది. ఆ రోజు మెకాలే కలకత్తాలో ఉన్నాడు. ఆ మాటలు ఆ తేదీ నివేదికలోనూ లేవు. పట్టుకోవడం తేలిక: తేదీ చూడండి, ఆ మనిషి ఆ రోజు ఏ ఊళ్లో ఉన్నాడో చూడండి.

1835, 1844, 1854లో ఏది ముఖ్యం? టీచర్ మూడూ రాయమన్నారు.

మూడూ రాయండి, కానీ ఉద్యోగం గురించి రాసేటప్పుడు 1844 మీద ఎక్కువసేపు నిలబడండి. ఆ ఏడాది అక్టోబరులో గవర్నర్ జనరల్ హార్డింజ్, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు బడుల్లో చదివినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని తీర్మానించాడు. అంతకుముందు ఇంగ్లీషు నేర్చుకోవడం ఒక ఇష్టం. ఆ తర్వాత అది జీతం. తీర్మానం బెంగాల్‌ను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. మన మద్రాసు వైపు ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్నది విశ్వవిద్యాలయం పరీక్షలు మొదలయ్యాకే.

1854లో వచ్చింది వుడ్స్ డిస్పాచ్, అంటే చదువు విధానం మీద లండన్ నుంచి చార్లెస్ వుడ్ పంపిన ఉత్తరం. పై చదువులకు ఇంగ్లీషు, కింది తరగతులకు స్థానిక భాష అంది. ప్రైవేటు బడులకు ప్రభుత్వ గ్రాంటు, ప్రతి ప్రాంతానికి ఒక విద్యాశాఖ, లండన్ నమూనాలో విశ్వవిద్యాలయాలు ఉండాలంది. దాని ప్రకారమే 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మెట్రిక్యులేషన్ అనే పరీక్ష అలా మన ఊళ్లకు వచ్చింది.

వుడ్స్ డిస్పాచ్ తెలుగుకు మంచి చేసిందా, చెడు చేసిందా?

కాగితం మీద మంచే చేసింది. మామూలు జనానికి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని స్పష్టంగా అంది. కానీ మెట్రిక్ ఇంగ్లీషులో, కాలేజీ ఇంగ్లీషులో, మంచి జీతమున్న ఉద్యోగం ఇంగ్లీషులో. అందుకని తెలుగులో చదివే కింది తరగతులను ఇంగ్లీషు దాకా వెళ్లడానికి దాటాల్సిన మెట్లుగానే అందరూ చూశారు. ఈ రెండు వాక్యాలూ రాసి ‘మంచి, చెడు’ తేల్చకుండా వదిలేసినా మార్కులు పోవు.

## ఉద్యోగాలు

ఏ ఉద్యోగానికి ఏ భాష కావాల్సి వచ్చేది? ఒక పట్టిక ఇస్తారా?

పట్టిక కంటే ఒక శిస్తు లెక్క ఎలా పైకి వెళ్లేదో ఊహించుకుంటే బాగా గుర్తుంటుంది. ఊళ్లో ఏ రైతు ఎంత భూమి సాగుచేశాడు, ఎంత కట్టాలి అనేది కరణం తెలుగులో రాసేవాడు. ఆ లెక్క తాలూకా కచేరీకి వెళ్లేది. అక్కడ గుమస్తాలకు తెలుగు చదవడం రావాలి, పైకి పంపే కాగితానికి ఇంగ్లీషు కూడా రావాలి. కలెక్టరు ఆఫీసు నుంచి మద్రాసుకు వెళ్లే ఉత్తరాలన్నీ ఇంగ్లీషే. కాగితం ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ భాష మారింది. భాషతోపాటు జీతమూ మారింది.

కోర్టులోనూ ఇంతే. సాక్షి తెలుగులో చెప్పేవాడు, తీర్పు ఇంగ్లీషులో వచ్చేది. తన భూమి గురించే అయినా ఆ తీర్పులో ఏముందో రైతు ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. ప్లీడర్లు, వాళ్ల గుమస్తాలు, అర్జీలు రాసిపెట్టేవాళ్లు, తర్జుమా చేసేవాళ్లు అనే కొత్త బతుకుతెరువులన్నీ ఈ మధ్య ఖాళీలోంచి పుట్టాయి.

ఒక్క సంగతి మరిచిపోకండి. కరణం పని ఇంగ్లీషు వాళ్లు వెళ్లిపోయాక కూడా వంశపారంపర్యంగా, తెలుగులోనే నడిచింది. దాన్ని రద్దు చేసింది 1984లో. ‘బ్రిటిష్ వాళ్లు రాగానే పాత ఉద్యోగాలన్నీ పోయాయి’ అనే వాక్యం అందుకే తప్పు.

ఒక మనిషి ఉదాహరణ రాయమన్నారు. మన ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇద్దరున్నారు, ఇద్దరూ విజయనగరంలో ఒకే బడిలో చదివినవాళ్లు. విజయరామ గజపతి రాజు 1857లో ఇక్కడ ఇంగ్లీషు బడి పెట్టారు. 1879లో అది కాలేజీ అయింది. దాన్నే మనం ఎం.ఆర్. కాలేజీ అంటాం.

మొదటివారు గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. 1875లో తండ్రి పోయారు. పాత పద్ధతైతే తండ్రి పని వెనకాలే వెళ్లేవారేమో. ఆ ఏడాదే మహారాజావారి ఇంగ్లీషు బడిలో ఫస్ట్ ఫారంలో చేరారు. 1879లో మెట్రిక్ పాసయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగం, నెలకు 30 రూపాయలు. కాలేజీ చదువు లేకుండా, మెట్రిక్ ఒక్కదానితోనే ఆ కుర్రాడికి ఉద్యోగం దొరికింది.

రెండోవారు గురజాడ అప్పారావు. 1862లో పుట్టారు. చిన్నతనం చదువు చీపురుపల్లిలో. 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఎ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటి చదువు. ఆ ఏడాదే అదే హైస్కూల్లో టీచరు, నెలకు 25 రూపాయలు. 1886లో బి.ఎ. పాసై డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా కొంతకాలం చేశారు. 1887లో కాలేజీ లెక్చరర్, నెలకు 100 రూపాయలు. ఎఫ్.ఎ.కీ బి.ఎ.కీ మధ్య తేడా మూడేళ్లలో నాలుగు రెట్ల జీతం! అప్పటి తల్లిదండ్రులు పిల్లల్ని ఇంగ్లీషు బడికి ఎందుకు పంపారో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఇద్దరిలో ఒక్కరినే ఎంచుకోండి. ఉద్యోగాల గురించి ఎక్కువ రాస్తే గురజాడ, భాష గురించి ఎక్కువ రాస్తే గిడుగు.

పల్లెటూరి పిల్లలు కూడా విజయనగరం వచ్చి చదివారా? ఖర్చు ఎవరు పెట్టారు?

వచ్చారు, కానీ అందరికీ కుదిరే పని కాదు. ఇంగ్లీషు బడికి నెలనెలా ఫీజు, అచ్చు పుస్తకాలు, పట్నంలో తిండి, బస కావాలి. బంధువుల ఇంట్లో ఉండి చదివినవాళ్లు కొందరు. వారాలు చేసుకుని చదివినవాళ్లు కొందరు, అంటే వారంలో రోజుకో ఇంట భోజనం. ఆ సాయం ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే దొరికేది. రైతుకూలీ కొడుక్కి అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టే ఇల్లు ఎక్కడుంది? బడి తలుపు చట్టప్రకారం తెరిచే ఉన్నా లోపలికి ఎవరు రాగలిగారన్నది ఇలాంటి విషయాల దగ్గరే తేలిపోయింది.

అప్పుడు మిగతా జనం ఏం చేశారు?

1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవడం, రాయడం వచ్చినవాళ్లే నూటికి అయిదారుగురు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మన జిల్లాల్లో ఎక్కువమంది వ్యవసాయం, చేపలవేట, నేతపని చేసుకున్నారు. కరువొస్తే ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లారు. అక్కడ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలిపని చేయడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఒకే ఊరి నుంచి ఒకరు మెట్రిక్ పాసై కచేరీకి, ఇంకొకరు ఓడెక్కి రంగానికి వెళ్లిన కాలం అది. మీ ఇళ్లలో ‘మా ముత్తాత రంగం వెళ్లాడు’ అనే మాట విని ఉంటే తప్పకుండా రాయండి.

## భాష

ఇంగ్లీషు వల్ల తెలుగుకు ఏమైంది? చెడిపోయిందని రాయాలా?

‘చెడిపోయింది’ అనేది అభిప్రాయం. ఏం మారిందో రాయండి. ఒక మార్పు: తెలుగు ఇంట్లో, సంతలో, గుళ్లో, కరణం లెక్కలో నిలిచింది. పై ఆఫీసు, సైన్సు, చట్టం ఇంగ్లీషులోకి వెళ్లాయి. అందుకే వాటికి కావాల్సిన మాటలు తెలుగులో పెరిగే అవకాశం చాలాకాలం రాలేదు. ఇంకో మార్పు దీనికి ఎదురు దిక్కున జరిగింది: ఇంగ్లీషు చదివినవాళ్లే తిరిగొచ్చి తెలుగులో కొత్త రకం రచన మొదలుపెట్టారు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. అందులో పాత్రలు వీధిలో మాట్లాడే తెలుగే మాట్లాడతాయి. ఇంగ్లీషు చదువు మోజు కూడా ఆ కథలో ఒక భాగం.

గిడుగు రామమూర్తికీ ఈ టాపిక్‌కీ సంబంధం ఏమిటి? ఆయన తెలుగు భాషా దినోత్సవం కదా?

సంబంధం ఉంది, అది కూడా బడి లోపలే. వుడ్స్ డిస్పాచ్ తర్వాత తెలుగు పాఠ్యపుస్తకాలు అచ్చయ్యాయి. కానీ వాటిలో ఉన్నది గ్రాంథిక భాష, పిల్లలు ఇంట్లో మాట్లాడేది కాదు. అంటే పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకునేలోపే, తన సొంత భాషను కూడా కొత్త భాషలా బట్టీపట్టాల్సి వచ్చింది. 1906లో మన వైపు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడికి కూడా, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకన్న అనుమానం వచ్చింది. గిడుగు, గురజాడ, విశాఖపట్నంలో ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్, యేట్స్ కలిసి వాడుకభాషలో చదువు చెప్పాలన్న ప్రయత్నం మొదలుపెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు. 1914లో గురజాడ తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసిచ్చారు. ఆయన మరుసటి ఏడాదే పోయారు. గిడుగు మాత్రం ఉద్యమాన్ని నడుపుతూనే ఉన్నారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక కూడా పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

సవర పిల్లలకు ఏ భాషలో చదువు చెప్పారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువే, కానీ సీతంపేట వైపు పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. సవర గిరిజన పిల్లవాడికి తెలుగే పరాయి భాష, ఇంగ్లీషు ఇంకా దూరం. విధానాల కాగితాల్లో ‘స్థానిక భాష’ అంటే తెలుగు, ఒడియా వంటి పెద్ద భాషలే. పర్లాకిమిడిలో ఉండగా గిడుగు సవర భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది.

## రాసేటప్పుడు

ఇంట్లో ఏదైనా పాత ఆధారం చూపించమన్నారు. ఏం దొరుకుతుంది?

తాతగారి పెట్టెలో భూమి దస్తావేజు ఉందేమో అడగండి. అసలు బడికి తేవద్దు, ఫోటో చాలు. సర్వే నంబర్లు, పేర్లు కనబడకుండా కాగితం అడ్డుపెట్టి తీయండి. దాన్ని మూడు భాగాలుగా చూడండి. పైన స్టాంపు ముద్ర. మధ్యలో దస్తావేజు లేఖరి గొలుసుకట్టు తెలుగులో రాసిన మాటలు: క్రయం, స్వార్జితం, వారసులు, దఖలు, స్వాధీనం. వీటిలో ‘దఖలు’ లాంటివి పాత సర్కారు కాలం నుంచి వచ్చినవి. వెనక వైపు రిజిస్ట్రారు ఆఫీసువారి రాత. పాత దస్తావేజుల్లో అది చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. అమ్మినవాడి సంతకం చోట చూడండి, చాలాచోట్ల వేలిముద్రే కనిపిస్తుంది. ఈ ఫోటో కింద మూడు వాక్యాలు రాయండి: తెలుగు ఎవరు రాశారు, ఇంగ్లీషు ఎవరు రాశారు, చదవలేనివాళ్లు ఎవరు.

రెండు పేజీలే రాయమన్నారు, నాది నాలుగైంది. ఏం తీసేయాలి?

ముందు గవర్నర్ జనరల్స్ పుట్టిన తేదీలు, బొమ్మలు తీసేయండి. తర్వాత 1813 చార్టర్ చట్టాన్ని ఒక్క వాక్యానికి కుదించండి. గిడుగు, గురజాడ ఇద్దరూ ఉంటే ఒకరిని ఉంచండి. శిస్తు లెక్క కరణం నుంచి కలెక్టరు దాకా వెళ్లిన భాగాన్ని మాత్రం ముట్టుకోకండి.